ఖాతా మేనేజర్ వెళ్లిపోతున్నప్పుడు: క్లయింటుకు ఎప్పుడు చెప్పాలి, ఎవరు చెప్పాలి, అప్పగింత కాల్ ఎలా పెట్టాలి

జూన్ 27 సాయంత్రం మా ఖాతా మేనేజర్ ఒకరు రాజీనామా లేఖ తెచ్చి నా బల్ల మీద పెట్టారు. నోటీసు గడువు ముప్పై రోజులు. అంటే ఆఖరి రోజు జూలై 26. విజయవాడలో మాది చిన్న సంస్థ. వ్యాపారులకు జీఎస్టీ, టీడీఎస్, పీఎఫ్ పనులు చేసిపెడతాం. ఆయన చేతిలో పదకొండు మంది క్లయింట్లున్నారు. పది మంది సంగతి ఎలాగో సర్దుకోవచ్చు. నాకు దిగులు పుట్టించింది పదకొండో వారు, గుంటూరులో మిర్చి ఎగుమతి చేసే భాగస్వామ్య సంస్థ. అయిదేళ్లుగా వారి పని మొత్తం ఈయనే చూశారు. ఏ నెల ఏ బ్యాంకు ఖాతాలోంచి పన్ను కడతారో, ఏ రవాణా కంపెనీ బిల్లులు ఆలస్యంగా పంపుతుందో, పెద్దాయన ఫోను ఎత్తకపోతే ఎవరికి చేయాలో, ఇవన్నీ ఆయన తలలోనే ఉన్నాయి.

ఇలాంటప్పుడు మన ముందు మూడు ప్రశ్నలుంటాయి. క్లయింటుకు ఎప్పుడు చెప్పాలి? ఎవరి నోటితో, ఏ విధంగా చెప్పాలి? కొత్త మేనేజర్‌తో అప్పగింత కాల్ ఎప్పుడు, ఎలా జరపాలి? ఒక్కోదానికి రెండు మూడు దారులున్నాయి. నేను దాదాపు అన్నీ నడిచి చూశాను, కొన్ని దారుల్లో దెబ్బ కూడా తిన్నాను. ఏది ఎక్కడ పనికొస్తుందో ఈ మిర్చి క్లయింటు విషయాన్నే ముందు పెట్టుకుని చెబుతాను.

ఎప్పుడు చెప్పాలి

మొదటి దారి, రాజీనామా అందిన రోజే చెప్పడం. నిజాయితీగా కనిపిస్తుంది, క్లయింటుకు వీలైనంత సమయం దొరుకుతుంది. కానీ అవతలివారు వెంటనే అడిగే ప్రశ్న ఒకటే: “అయితే ఇక మా ఫైలు ఎవరు చూస్తారు?” ఆ రోజు మన దగ్గర దానికి జవాబు ఉండదు. “త్వరలో చెబుతాం” అన్న మాట విన్న వ్యాపారి ఆ సాయంత్రమే తనకు తెలిసిన మరో ఆడిటరుకు ఫోను చేస్తాడు. తప్పు ఆయనది కాదు. పైగా రాజీనామాలన్నీ నిలబడవు. జీతం మాట్లాడుకున్నాకో, ఇంట్లో వాళ్లు వద్దన్నాకో కొందరు వారంలోపే వెనక్కి తీసుకుంటారు. అప్పుడు మళ్లీ ఫోను చేసి “వెళ్లడం లేదండీ” అని చెప్పుకోవలసి వస్తుంది. ఆ తర్వాత క్లయింటు ఆ మేనేజర్‌ను ఎప్పుడు వెళ్లిపోతాడో తెలియని మనిషిగానే చూస్తాడు.

రెండో దారి, ఆఖరి వారం దాకా దాచడం. చాలా సంస్థలు ఎంచుకునేది ఇదే. ముందే తెలిస్తే క్లయింటు వెళ్లే మనిషి వెంట పోతాడన్న భయమే దానికి కారణం. నాకూ ఆ భయం ఉండేది. నియామక పత్రంలో “మానేశాక రెండేళ్ల వరకు ఇదే వ్యాపారం చేయరాదు” అని రాయించుకుని ధైర్యంగా ఉండేదాన్ని. భారత కాంట్రాక్టు చట్టం, 1872లోని 27వ సెక్షన్ ప్రకారం ఒకరి న్యాయమైన వృత్తిని అడ్డుకునే ఒప్పందం ఆ మేరకు చెల్లదు. కాబట్టి ఉద్యోగం మానేశాక అమలయ్యే అలాంటి షరతు మీద ఆశ పెట్టుకోలేం. క్లయింట్ల కాగితాలు, పాస్‌వర్డులు పట్టుకుపోవడం వేరే సంగతి, దాన్ని అడ్డుకోవచ్చు. మనిషి మీద ఉన్న నమ్మకాన్ని మాత్రం ఏ కాగితమూ ఆపలేదు. క్లయింటుకు మన సంస్థ మీద కూడా నమ్మకం కలిగితే తప్ప ఆయన మన దగ్గర ఉండడు. దాచిపెడితే ఆ నమ్మకం కలగడానికి ఉన్న నాలుగు వారాలూ పోతాయి.

దాచినందుకు నేను చెల్లించిన మూల్యం ఒకటి చెబుతాను. కొన్నేళ్ల కిందట మరో ఎగుమతి క్లయింటు విషయంలో, పాత మేనేజర్ వెళ్లిపోయిన మర్నాడు మెయిల్ పంపాం. అప్పటికి వారి జీఎస్టీ రీఫండ్ దరఖాస్తు ఒకటి పెండింగులో ఉంది. పోర్టల్లో నమోదైన ఫోను నంబరు, మెయిల్ రెండూ పాత మేనేజర్‌వే. ఆయన వెళ్లిన వారానికి దరఖాస్తు మీద RFD-08 నోటీసు వచ్చింది. దానికి పదిహేను రోజుల్లో RFD-09లో జవాబివ్వాలి. సందేశం వెళ్లింది ఆయన ఫోనుకు. ఆయన కొత్త ఉద్యోగం హడావుడిలో ఉన్నారు, చూడలేదు. మా కొత్త మేనేజర్‌కు అలాంటి దరఖాస్తు ఉందనే తెలియదు. క్లయింటు మేం చూస్తున్నామనుకున్నారు. రీఫండ్ తిరస్కరిస్తూ ఉత్తర్వు వచ్చాకే అందరికీ తెలిసింది. అప్పీలుకు మూడు నెలల గడువుంటుంది కాబట్టి డబ్బు పూర్తిగా పోలేదు. క్లయింటు మాత్రం పోయారు. వెళ్తూ వాళ్లబ్బాయి అన్న మాట ఇప్పటికీ గుర్తుంది: “మీవాళ్లు మానేస్తే మానేశారు, ఒక్క ఫోను చేయడానికి ఏమైందమ్మా?”

అందుకే నేనిప్పుడు మూడో దారిలో వెళ్తున్నాను: కొత్త మేనేజర్ ఎవరో తేలిన రోజు చెప్పడం. దానికి ఒక కట్టుబాటు ఉంది. రాజీనామా అందిన నాటి నుంచి ఏడు రోజులు దాటకూడదు. ఎనిమిదో రోజుకు కూడా ఎవరూ తేలకపోతే, నేనే తాత్కాలికంగా చూస్తానని చెప్పి విషయం బయటపెడతాను. మిర్చి క్లయింటు విషయంలో కొత్త మేనేజర్‌ను జూలై 3న ఖరారు చేశాం, 4న చెప్పాం. ఆఖరి రోజుకు ఇంకా మూడు వారాలుంది.

మొదటి దారే మంచిదయ్యే సందర్భం ఒకటుంది. వార్త బయటినుంచి క్లయింటుకు చేరే అవకాశం ఉంటే ఆగకండి. గుంటూరు, విజయవాడ మధ్య దూరం ఎంతని? ఆడిటర్ల గుమాస్తాలు రోజూ అవే కార్యాలయాల్లో కలుస్తుంటారు. వెళ్లే మనిషి చేరబోయేది అదే క్లయింటుకు తెలిసిన చోటైతే, జవాబు సిద్ధంగా లేకపోయినా ఆ రోజే ఫోను చేయడం మేలు.

ఎవరు చెప్పాలి, ఎలా చెప్పాలి

ఇక్కడ ముందుగా క్లయింట్లను రెండు రకాలుగా విడదీయాలి. నేను చూసేది ఫీజు ఎంతని కాదు. ప్రతి నెలా వారి నుంచి ఓటీపీ గానీ, ఆమోదం గానీ కావలసి ఉందా? శాఖ ముందు వారి పేరుతో ఏదైనా పెండింగులో ఉందా? ఈ రెండింటిలో ఒకదానికి “అవును” అన్నా ఫోనులో చెబుతాను. రెండింటికీ “లేదు” అయితే ఒక మంచి సందేశం చాలు. ఆ పదకొండు మందిలో నలుగురికి సందేశంతోనే సరిపెట్టాం. ఒక్కరూ తప్పుపట్టలేదు. సున్నా రిటర్ను వేసే చిన్న దుకాణదారును కూర్చోబెట్టి అరగంట అప్పగింత కాల్ జరిపితే ఆయనే ఏదో జరిగిందని కంగారుపడతాడు.

ఫోనులో చెప్పాల్సినవారికి ఎవరు చెప్పాలి? వెళ్లే మనిషే చెబితే ఆత్మీయంగా ఉంటుంది. అయిదేళ్ల పరిచయం మరి. అయితే మాట అక్కడితో ఆగదు. “ఎక్కడికి వెళ్తున్నారు? అక్కడ మా పని చూడగలరా?” అని క్లయింటు అడుగుతారు. పాపం ఆయన ఇరుకున పడతారు, మనకు ఆ జవాబు వినపడదు. సంస్థ పెద్ద ఒక్కరే చెబితే సమాధానాలు స్పష్టంగా ఉంటాయి, కానీ క్లయింటు మనసులో ఒక ముల్లు మిగులుతుంది: “ఇన్నాళ్లు మా ఇంటి మనిషిలా ఉండి, ఒక్క మాట చెప్పకుండా వెళ్లిపోయాడా?” లేదా అంతకన్నా చెడ్డ అనుమానం, “వీళ్లే తీసేసి ఉంటారు” అని.

రెండింటినీ కలపడమే నాకు కుదిరిన పద్ధతి. ఫోను నేను చేస్తాను, వెళ్లే మనిషి నా పక్కనే కూర్చుంటారు. విషయం నేను చెప్పాక ఫోను ఆయనకిస్తాను. జూలై 4న మధ్యాహ్నం నాలుగింటికి చేశాం. పొద్దుటిపూట పెద్దాయన సరుకు చూసుకునే పనిలో ఉంటారు, అప్పుడు చేసి ఇలాంటి కబురు చెప్పకూడదు.

“నమస్కారమండీ. ఒక విషయం మీకు నేనే స్వయంగా చెప్పాలని చేశాను. మీ పని చూస్తున్న మా మేనేజర్ గారు ఈ నెల 26తో మా దగ్గర మానేస్తున్నారు. ఆయన స్థానంలో మీ ఫైలు చూడబోయే ఆవిడ పేరు ఖరారైంది. ఆరేళ్లుగా మా దగ్గరే ఉన్నారు, ఎగుమతి రీఫండ్లు ఆవిడే చేస్తుంటారు. ఈ నెల మీ రిటర్ను ఇద్దరూ కలిసే వేస్తారు.”

కాసేపు నిశ్శబ్దం. తర్వాత ఆయన అడిగింది నేను అనుకున్నదే: “అయితే రీఫండు కాగితాల సంగతి ఆ అమ్మాయికి తెలుసా అమ్మా?” ఇంకా పూర్తిగా తెలియదనీ, వారం రోజుల్లో తెలుస్తుందనీ, తెలిసిందో లేదో మీరే పరీక్షించి చూసుకునేలా ఒక కాల్ పెడతామనీ చెప్పాను. తెలుసు అని అబద్ధం చెప్పివుంటే ఆ కాల్‌లోనే బయటపడేది. తర్వాత ఫోను మేనేజర్ గారికిచ్చాను. ఆయన రెండు నిమిషాలు మాట్లాడారు. హైదరాబాదులో కొత్త ఉద్యోగం వచ్చిందనీ, పిల్లల చదువు కోసం వెళ్తున్నామనీ చెప్పారు. ఆ సంగతి బయట చెప్పవచ్చో లేదో ఆయననే ముందు అడిగి పెట్టుకున్నాం. కారణం ఎంతవరకు చెప్పాలన్నది ఎప్పుడూ వెళ్లే మనిషి ఇష్టం. ఆయన వద్దంటే “సొంత నిర్ణయంతో వెళ్తున్నారు” అన్న ఒక్క మాటతో ఆపాలి.

ఫోను పెట్టేసిన గంటలోపు అదే విషయం రాతలో వెళ్లాలి. పెద్దాయన విన్నది వాళ్లబ్బాయికి, గుమాస్తాకు చేరేసరికి మారిపోతుంది. మామూలుగా సంస్థలు పంపే రాత ఇలా ఉంటుంది: “అనివార్య కారణాల వల్ల మా సిబ్బందిలో మార్పులు జరిగినవి. ఇకపై మా బృందం మీకు సేవలందించును.” అందులో ఎవరు వెళ్తున్నారు, ఎప్పుడు, ఎవరు వస్తున్నారు, నా పని ఆగుతుందా అన్న నాలుగు ప్రశ్నల్లో ఒక్కదానికీ జవాబు లేదు. “అనివార్య కారణాలు” అన్న మాట చదవగానే ఎవరికైనా గొడవే గుర్తొస్తుంది. మేం పంపింది ఇది:

> నమస్కారం. ఇప్పుడే ఫోనులో చెప్పిన విషయం మీ దగ్గర రాతలో ఉండాలని పంపుతున్నాం. మీ ఖాతా చూస్తున్న మేనేజర్ గారు జూలై 26 వరకు మా దగ్గర పనిచేస్తారు. జూలై 27 నుంచి మీ పని కొత్త మేనేజర్ గారు చూస్తారు. ఆమె పేరు, నంబరు కింద ఉన్నాయి. జూన్ నెలకు సంబంధించిన జీఎస్టీఆర్-1 (గడువు జూలై 11) పాత మేనేజర్ గారు వేస్తారు. జీఎస్టీఆర్-3బీ (గడువు జూలై 20) ఇద్దరూ కలిసి వేస్తారు. రీఫండ్ దరఖాస్తు పెండింగులో ఉంది, దాని బాధ్యత ఈ రోజు నుంచి నాది. జూలై 12 శుక్రవారం మధ్యాహ్నం 3 గంటలకు అరగంట మాట్లాడుకుందాం. మీతోపాటు మీ అబ్బాయి, గుమాస్తా గారు కూడా ఉంటే మంచిది. సమయం కుదరకపోతే మీకు వీలైన వేళ చెప్పండి.

పెండింగులో ఉన్న పనికి పేరు పెట్టి బాధ్యత తీసుకోవడం ఈ రాతలో అన్నిటికన్నా ముఖ్యమైన వాక్యం. అప్పగింత జరుగుతున్న మూడు వారాల్లో పాతవారు “ఇక కొత్తవారు చూస్తారులే” అనుకుంటారు, కొత్తవారు “ఇంకా నాకు అప్పగించలేదు” అనుకుంటారు. ఆ సందులోనే నోటీసులు జారిపోతాయి.

అప్పగింత కాల్ ఏ తేదీన

తేదీ ఎంపికను చాలామంది తేలికగా తీసుకుంటారు. మా పనిలో నెలకు ఒక నడక ఉంటుంది. 7వ తేదీలోపు టీడీఎస్ కట్టాలి. 11కి అమ్మకాల రిటర్ను జీఎస్టీఆర్-1. 14న కొనుగోళ్ల వివరాలతో జీఎస్టీఆర్-2బీ తయారవుతుంది. 15కి పీఎఫ్, ఈఎస్ఐ. 20కి జీఎస్టీఆర్-3బీ. ఇవన్నీ అయ్యాక 21 తర్వాత అందరికీ తీరిక. అందుకని సహజంగానే అందరూ కాల్‌ను 22కో 23కో పెడతారు.

తీరికగా మాట్లాడుకోవచ్చన్న మాట నిజమే. కానీ అప్పటికి ఆ నెల పని పాతవారి చేతి మీదుగా అయిపోయి ఉంటుంది. కొత్తవారు మొదటి రిటర్ను వేసే నాటికి పాతవారు ఉండరు. విని నేర్చుకున్నది ఒక్కటే మిగులుతుంది. నేను 11కీ 14కీ మధ్య పెట్టమంటాను. అమ్మకాల రిటర్ను అప్పుడే దాఖలై ఉంటుంది కాబట్టి మాట్లాడుకోవడానికి నిన్నటి లెక్క చేతిలో ఉంటుంది. కాల్ అయిన రెండు రోజులకే 2బీ వస్తుంది. కొత్త మేనేజర్ దాన్ని పుస్తకాలతో సరిచూసి 3బీ తన చేత్తో వేస్తుంటే పాతవారు పక్కన కూర్చుని చూస్తారు. తప్పు చేస్తే అక్కడికక్కడే తెలుస్తుంది. ఆఖరి రోజు 15వ తేదీలోపు పడిందనుకోండి, అప్పుడు ఈ లెక్క కుదరదు. అలాంటప్పుడు ముందు నెల 22 తర్వాత కాల్ పెట్టుకుని, ఆఖరి రోజును 20 దాకా పొడిగించమని వెళ్లేవారిని అడిగి చూడాలి. అయిదారు రోజులకు సాధారణంగా ఒప్పుకుంటారు.

మేం మొదట శుక్రవారం పదకొండింటికి అనుకున్నాం. శుక్రవారం పదిన్నర నుంచి పన్నెండు దాకా రాహుకాలం. కొత్త మనిషితో మొదటి మాట ఆ వేళలో వద్దంటారని మేనేజర్ గారే గుర్తుచేశారు. క్లయింటు అలవాట్లు తెలియడమంటే ఇదే. మధ్యాహ్నం మూడింటికి మార్చాం. ఆషాఢం మొదలైందన్న అభ్యంతరం వస్తుందేమో అనుకున్నాను గానీ పెద్దాయన దాన్ని ఎత్తలేదు.

కాల్‌లో ఎవరు ఉండాలి, ఎవరు మాట్లాడాలి

పాతవారు లేకుండా కొత్తవారు, క్లయింటు మాత్రమే మాట్లాడుకోవడం ఒక పద్ధతి. పాతవారు అప్పటికే వెళ్లిపోయి ఉంటే అంతకు మించి దారి లేదు. అందరూ కలిసి గుంటూరు వెళ్లి కూర్చోవడం మరో పద్ధతి. ముప్పై అయిదు కిలోమీటర్ల దూరమే. అయినా మొదటిసారి నేను వెళ్లను. వెళ్తే కాఫీలు, మర్యాదలు, వీడ్కోలు శాలువాతో పూట గడిచిపోతుంది, కాగితాల మాట సగంలో ఆగుతుంది. ఆ వీడ్కోలు ఉండాల్సిందే, దాన్ని ఆఖరి వారంలో విడిగా పెట్టుకోవచ్చు. కాల్‌లో అయితే అందరి ముందూ తెర మీద ఒకే కాగితం ఉంటుంది.

కాల్ పెట్టుకున్నాక అసలు తేడా ఎవరు మాట్లాడతారన్న దగ్గర వస్తుంది. మామూలుగా పాత మేనేజర్ అరగంట వివరిస్తారు, కొత్తవారు “సరే, సరే” అంటూ రాసుకుంటారు, క్లయింటు వింటారు. కాల్ అయ్యాక క్లయింటుకు తెలిసేది పాతవారికి ఎంత తెలుసో! అది ఆయనకు అయిదేళ్లుగా తెలిసిందే. కొత్తవారికి ఏం తెలుసో మాత్రం తెలియదు. మేం దీన్ని తిరగేశాం. కాల్‌లో కొత్త మేనేజర్ మాట్లాడతారు. “మీ పని గురించి నాకు అర్థమైంది ఇదీ” అని ఆమె చెబుతారు. క్లయింటు, పాత మేనేజర్ తప్పులు దిద్దుతారు. ఇందుకోసం 5 నుంచి 11 దాకా ఆ ఇద్దరూ రోజుకో గంట కూర్చుని రెండు పేజీల నోటు రాసుకున్నారు. ఆ నోటు 11 రాత్రే క్లయింటుకు పంపాం.

12న జరిగింది చెబుతాను. మొదటి అయిదు నిమిషాలు పరిచయం, అది నేను చేశాను. తర్వాత ఆమె మొదలుపెట్టారు: ఎగుమతులు పన్ను కట్టకుండా హామీ పత్రం మీద జరుగుతున్నాయి, ఆ పత్రం ప్రతి ఆర్థిక సంవత్సరానికీ కొత్తగా దాఖలు చేయాలి, ఈ ఏడాదిది అయింది. పేరుకుపోయిన ఇన్‌పుట్ పన్ను రీఫండ్ దరఖాస్తు ఒకటి పెండింగులో ఉంది. లారీ కిరాయిల మీద పన్ను మీరే కట్టుకుంటున్నారు. ఇక్కడ గుమాస్తా ఆపారు. “అందరి కిరాయిల మీదా కాదండీ. ఒక రవాణా కంపెనీ తనే బిల్లులో పన్ను వేస్తుంది, దానికి మేం మళ్లీ కట్టం.” పాత మేనేజర్ నాలుక కరుచుకున్నారు. ఆయనకు తెలుసు, ఏళ్ల తరబడి అలవాటుగా చేసుకుపోతున్నారు, నోటులో రాయడం మరిచిపోయారు. ఆమె మాట్లాడకుండా ఆయనే వివరించి ఉంటే ఈ సంగతి ఆ రోజు బయటికి వచ్చేదే కాదు. మొదటి 3బీలోనే రెండుసార్లు పన్ను కట్టేవాళ్లం.

తర్వాత ఓటీపీల సంగతి. ఇది ప్రతి అప్పగింతలోనూ అడిగి తీరాలి: ఏ పోర్టల్లో ఎవరి నంబరు ఉంది? జీఎస్టీ పోర్టల్లో పెద్దాయన నంబరే ఉంది. ఈ-వే బిల్లుల దగ్గర కూడా ఇబ్బంది లేదు. పీఎఫ్ పోర్టల్లో మాత్రం మేనేజర్ గారి సొంత నంబరు. ఎప్పుడో పెద్దాయన ఊళ్లో లేనప్పుడు పని ఆగకూడదని పెట్టి, అలాగే వదిలేశారు. ఆయన పక్కనే ఉండగా మార్చుకోవడం తేలిక. జీఎస్టీలోనైతే నమోదు వివరాల సవరణలో ఫోను, మెయిల్ మార్చుకోవడానికి అధికారి అనుమతి అక్కర్లేదు. కానీ పాత నంబరు గల మనిషి దొరక్కపోతే పత్రాలు పట్టుకుని సంబంధిత జీఎస్టీ అధికారి దగ్గరికి వెళ్లి మార్పించుకోవాలి. ఈ తేడా కోసమైనా అప్పగింత కాల్‌లో పాతవారు ఉండాలి.

ఆఖర్న వాళ్లబ్బాయి అడిగారు: “నాన్నగారి డిజిటల్ సంతకం టోకెన్ మీ దగ్గరే కదా ఉంది?” మేనేజర్ గారు సొరుగు తీశారు. రబ్బరు బ్యాండు చుట్టిన ఆరు టోకెన్లు. ఒక్కోదానికి చిన్న కాగితం అంటించి ఉంది, దాని మీద బాల్ పెన్నుతో క్లయింటు పేరు, కింద పాస్‌వర్డు. చూస్తుంటే నాకు చెమటలు పట్టాయి. ఆ టోకెన్ చేతిలో ఉన్నవారు ఆ మనిషి సంతకం పెట్టగలిగినట్టే. గుంటూరు వారిది ఆ సాయంత్రమే మా కుర్రాడితో పంపించి, అందినట్టు సంతకం తీసుకుని, పాస్‌వర్డు మార్చుకోమని చెప్పాం. మిగతా అయిదూ ఆ వారంలోనే వెనక్కి ఇచ్చాం. ఇప్పుడు ఎవరి టోకెనూ మా దగ్గర ఉండదు. అవసరమైనప్పుడు క్లయింటే తెస్తారు.

కాల్ ముప్పై అయిదు నిమిషాలు పట్టింది. ముగించే ముందు నేను పాత మేనేజర్‌ను, కొత్త మేనేజర్‌ను బయటికి పంపి, క్లయింటుతో రెండు నిమిషాలు విడిగా మాట్లాడాను. “మీకు ఆవిడ పని నచ్చకపోతే మూడు నెలల్లో నాకు చెప్పండి, మారుస్తాను” అన్నాను. అందరి ముందు అడిగితే మొహమాటానికి బాగుందంటారు. ఆయన చెప్పింది ఒకటే: “ఆ అమ్మాయి మెల్లగా మాట్లాడితే బాగుంటుందమ్మా, నాకు ఒక చెవి సరిగా వినపడదు.” అయిదేళ్లలో మాలో మరెవరికీ తెలియని సంగతి. మేనేజర్ గారికి తెలుసు, అందుకే ఆయన ఎప్పుడూ గట్టిగా మాట్లాడేవారు. దాన్ని ఆ నోటులో రాయాలని ఆయనకు తోచలేదు.

ఈ దారి పనికిరాని సందర్భాలు

మనిషిని తప్పు మీద తీసేసినప్పుడు ముగ్గురితో కాల్ వద్దు. కోపంలో ఉన్న మనిషిని క్లయింటు ముందు కూర్చోబెడితే ఇద్దరికీ ఇబ్బంది. అదే రోజు సంస్థ పెద్ద ఫోను చేసి, “ఈ రోజు నుంచి మా దగ్గర పనిచేయడం లేదు” అని మాత్రం చెప్పాలి. కారణం అడిగితే అది ఆయన వ్యక్తిగత విషయమనాలి. పాస్‌వర్డులు ఆ గంటలోనే మార్చాలి. అప్పగింత నోటు రాసేవారు ఉండరు కాబట్టి గత మూడు నెలల రిటర్నులు, ఆరు నెలల మెయిళ్లు, పోర్టళ్లలో ఉన్న నోటీసులన్నీ చదివి కొత్తవారే తయారుచేసుకోవాలి. క్లయింటుతో కాల్ దానికి నాలుగైదు రోజుల తర్వాత పెట్టుకోవాలి, అదీ అడిగి తెలుసుకోవడానికి. “మాకు తెలిసింది ఇంత, తెలియనిది మీరు చెప్పండి” అని ఒప్పుకుంటే చాలామంది క్లయింట్లు సహాయం చేస్తారు.

వెళ్లే మనిషి సొంతంగా ఇదే పని మొదలుపెడుతున్నప్పుడు చాలామంది కాల్‌కు ఆయన్ను పిలవరు. నేను పిలుస్తాను, కాకపోతే క్లయింటుకు ఆ విషయం ముందే నేనే చెప్పేస్తాను. ఎలాగూ తెలిసేదే. ఆయన వెంట వెళ్లాలనుకునేవారు పిలవకపోయినా వెళ్తారు. ఉండాలా వద్దా అని ఊగిసలాడేవారు మాత్రం మనం దాచలేదన్నది గమనిస్తారు. పేచీ అంతా కాగితాల దగ్గర ఉంటుంది. కాల్ అయిన రోజే ఆయన సొంత ఫోనులోని వాట్సాప్‌లో ఉన్న క్లయింటు బిల్లులు, పాన్ కార్డుల ఫొటోలు తీసేయించి, తీసేసినట్టు రాయించుకోవాలి.

గుంటూరు వారి జూన్ 3బీ జూలై 18న దాఖలైంది. ఓటీపీ కోసం కొత్త మేనేజర్ పెద్దాయనకు ఫోను చేశారు, మెల్లగా, ఒక్కొక్క మాట విడివిడిగా పలుకుతూ. ఆరు అంకెలూ ఆయన రెండుసార్లు చదివి చెప్పారు. పాత మేనేజర్ పక్క కుర్చీలో చేతులు కట్టుకుని కూర్చున్నారు, ఒక్క మాట కూడా అనలేదు. వెళ్లాక పెద్దాయన ఆయన నంబరుకు రెండుసార్లు ఫోను చేశారట. రెండుసార్లూ ఆయన క్షేమసమాచారం అడిగి, పని మాట వచ్చేసరికి ఆమె నంబరు చెప్పారట. ఆయన వెళ్లాక ఆమె ఒంటరిగా చేయాల్సిన మొదటి పెద్ద పని, జూలై 31 గడువున్న మూడు నెలల టీడీఎస్ రిటర్ను. అది 29నే వేసి, రసీదు గుమాస్తాకు పంపారు.